పదేసి కిలోల కాటా

లారీలు తూచే కాటా దగ్గర పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న మనిషికి ఎవరి మాట మీదా నమ్మకం ఉండదు, అంకె మీద తప్ప. అందరూ కాటా బాబాయ్ అని పిలిచే ఆయనకు ఆ అంకె మీద ఉన్నంత భక్తి కట్టుకున్న భార్య మీద కూడా లేదు. ఆవిడకు ఆ సంగతి తెలుసు, పాపం.

అలాంటి మనిషిని ఆసుపత్రి తూకపు బల్ల ఎక్కిస్తే తొంభై ఆరు కిలోలని తేలింది. కాలేయానికి కొవ్వు పట్టిందనీ, గట్టిపడటం కూడా మొదలైందనీ స్కానింగ్ చెప్పింది. "నేను మందు ముట్టను కదండీ!" అని బాబాయ్ గింజుకున్నాడు. ఆయన అన్నయ్యా ముట్టలేదు. అయినా కాలేయం గట్టిపడి యాభై రెండేళ్లకే పోయాడు. బాబాయ్‌కి ఇప్పుడు యాభై ఒకటి. పక్కనే ఉన్న భార్య ఆ లెక్క అప్పుడే వేసుకుంది.

"ఇప్పుడైతే వెనక్కి తిప్పుకోవచ్చు," అంది డైటీషియన్. "ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గితే చాలు. వారానికి అరకిలో, మహా అయితే కిలో. పస్తులొద్దు, కాలేయం కడిగే పొడులొద్దు. గబగబా తగ్గితే కాలేయానికే చేటు. కంచంలో సగం కూరగాయలు, పావు అన్నమో రొట్టెయో, పావు పప్పో గుడ్డో చేపో. తీపి పానీయాలు బంద్. పళ్లు తినండి, రసం తాగకండి. నడక పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, వారంలో ఐదు రోజులు అరగంటకు తీసుకురండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం."

బాబాయ్ పాట ఎప్పుడూ పాడలేడు కనుక ఆ షరతు సులువుగానే నెరవేరింది. మిగతావి కూడా, ఆశ్చర్యంగా, రెండు వారాలు బుద్ధిగా పాటించాడు. చక్కెర లేని కాఫీని మాత్రం కషాయం మింగినట్టు మొహం పెట్టి తాగేవాడు.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం లారీలు లేని వేళ చూసి తానే వెళ్లి కాటా మధ్యలో నిలబడ్డాడు. మొదటి రోజు అలాగే ఎక్కితే వంద చూపించిన కాటా, ఈసారి తొంభై అంది!

పద్నాలుగు రోజుల్లో పది కిలోలు. ఇక చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ. "ఏడు తగ్గమంది, పది తగ్గాను. మూడు కిలోలు నాకే బాకీ ఉంది ఆ డైటీషియన్," అంటూ కేకు, శీతల పానీయం సీసా పట్టుకుని ఇంటికి వచ్చాడు. నడక బూట్లు మంచం కిందకు పోయాయి.

భార్య బెదిరిపోయింది. "రెండు వారాల్లో పది కిలోలా? గబగబా తగ్గకూడదని ఆ డైటీషియన్ చెప్పలేదూ? పదండి ఆసుపత్రికి."

"ఏడుస్తావేమిటే, శుభమా అని తగ్గితే!"

"మీ అన్నయ్యా చివర్లో ఇలాగే చిక్కిపోయారు," అంది ఆవిడ, కేకు వైపు చూడకుండా. బాబాయ్ తిన్నాడు. నాలుగు రోజులు తిన్నాడు.

ఐదో రోజు ఒక లారీ డ్రైవర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, లోడు ఎనిమిది కిలోలు తక్కువ చూపిస్తోంది. పొద్దున చిన్న కాటా మీద సంచులన్నీ తూచే ఎక్కించాం."

బాబాయ్ తలెత్తకుండా పద్దెనిమిదేళ్ల పాత పాఠం అప్పజెప్పాడు. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా? ఇది పదేసి కిలోల కాటా. తొంభై నాలుగుంటే తొంభై అంటుంది, తొంభై ఆరుంటే వంద అంటుంది. మధ్యలో ఉన్నది దానికి..."

అక్కడ ఆగిపోయాడు. డ్రైవర్ ఎదురుచూశాడు. బాబాయ్ తన పొట్ట వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి బల్ల తొంభై ఐదున్నర చూపించింది. "మీ కాటా తొంభై అందంటే ఆ రోజు తొంభై ఐదుకు కాస్త లోపు ఉన్నారన్నమాట. రెండు వారాలకు రెండు కిలోల లోపు తగ్గి ఉంటారు. సరిగ్గా తగ్గాల్సినట్టే," అంది డైటీషియన్. "ఆ నాలుగు రోజులూ ఏం తిన్నారో మాత్రం చెప్పకండి." పక్కన ఆవిడ పమిటతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది. భర్త చిక్కిపోలేదని తెలిసి అంత సంతోషించిన భార్యను బాబాయ్ ఎక్కడా చూడలేదు. సిగ్గేసింది. ఇంటికెళ్లి మంచం కింద దూరి తనే బూట్లు తీసుకున్నాడు.

ఆరు నెలలకు ఆసుపత్రి బల్ల మీద ఎనభై ఎనిమిదిన్నర. రక్తపరీక్షలో కాలేయం అంకెలు దిగాయి, స్కానింగ్‌లో కొవ్వూ తగ్గింది. నడక మాత్రం మానొద్దన్నారు.

మర్నాడు భోజనం తెచ్చిన భార్య ముందే బాబాయ్ కాటా ఎక్కాడు. అంకె వెలిగింది. తొంభై.

"కదల్లేదేమండీ?" అంది ఆవిడ.

"దానికేం తెలుసే," అన్నాడు బాబాయ్, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.