1.08తో భాగించాలి

మా పింఛను నిధిలో బాండ్లు కొనేవాళ్లు వేరు, వాళ్ల లెక్క తనిఖీ చేసేదాన్ని నేను. ఈల్డ్, అంటే బాండు మీద వచ్చే రాబడి రేటు, అర శాతం పెరిగితే ఏ బాండు ధరా 4.75 శాతం కన్నా ఎక్కువ పడకూడదని నియమం. దాటిన బాండు కొన్నవాడికి ఉద్యోగం ఉండదు. నా సంతకం పడ్డాకే తొలగింపు ఉత్తరం వెళ్తుంది.

రెండేళ్ల కిందట అలా వెళ్లిన ఉత్తరం మా అక్క మొగుడిది. నా లెక్కల షీటు 4.9 శాతం నష్టం చూపించింది. బావ అన్నది ఒక్కటే మాట: "ఒకటి ప్లస్ ఈల్డ్‌తో భాగించావా?" తప్పించుకోవడానికి వంక వెతుకుతున్నాడనుకుని సంతకం పెట్టాను. బంధుప్రీతి లేని మనిషినని ఆఫీసంతా మెచ్చుకుంది. అక్క మాత్రం మాట్లాడ్డం మానేసింది. మెచ్చుకోలు వారం ఉంది, అక్క మౌనం ఇంకా ఉంది.

ఈ ఉదయం మరో ఉత్తరం సంతకానికి వచ్చింది. కొత్తగా చేరిన డీలరు పదేళ్ల బాండు కొన్నాడు, షీటులో నష్టం 5 శాతం. అతను నా బల్ల దగ్గర నిలబడి, "మేడమ్, ఒక్కసారి చేత్తో వేసి చూడండి" అన్నాడు. చూస్తే నా సొమ్మేం పోతుందని కాగితం తీశాను.

డబ్బు సగటున ఎన్నేళ్లకు చేతికొస్తుందో చెప్పేది మెకాలే డ్యూరేషన్. మధ్యలో వడ్డీ ఇవ్వని ఇలాంటి పదేళ్ల బాండుకి అది సరిగ్గా పది. ధర కదలికను అంచనా వేయాలంటే దాన్ని ఒకటి ప్లస్ ఈల్డ్‌తో భాగించాలి, అప్పుడది మాడిఫైడ్ డ్యూరేషన్. ఈల్డ్ ఎనిమిది శాతం కాబట్టి పదిని 1.08తో భాగిస్తే 9.26. అర శాతానికి నష్టం 4.63. హద్దులోనే ఉంది. నా షీటు మాత్రం పదినే నేరుగా అరతో గుణించింది.

మా డైరెక్టరు నా కాగితం చూసి ఉత్తరం చింపేశారు. "ఆ షీటు ఎవరు తయారుచేశారు?"

"నేనేనండి."

"సరిచేయండి. ఎవరికీ చెప్పకండి."

"ఒకరికి చెప్పాలండి" అన్నాను.

బావ కొన్నదీ వడ్డీ ఇవ్వని బాండే, ఈల్డూ అంతే. కాలం 9.8 ఏళ్లు. భాగిస్తే 9.07, నష్టం 4.54. మూడోసారి వేసినా అదే వచ్చింది. మెట్ల దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాను.

"బావా, భాగించాను."

"ఎంత వచ్చింది?"

"నాలుగు పాయింట్ ఐదు నాలుగు."

"అది అంచనా. ధర పూర్తిగా లెక్కగడితే నాలుగు పాయింట్ నాలుగు మూడే పడుతుంది. ఆ రోజు రాత్రే వేసుకున్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు బావా?"

"అడిగాను కదా, భాగించావా అని."

మెట్టు మీద కూర్చున్నాను.

"మీ అక్క పక్కనే ఉంది" అన్నాడు. "లెక్క చెప్పకు, తనకి అర్థం కాదు. తప్పు నీదని చెప్పు, చాలు."