ఎడమచేతి ఆటకు టీషర్టు

"ఉండి ఆడితే ఏమన్నా ఇస్తారా పిన్నీ?"

కోచ్‌కి సొంత అక్క కూతురు, ఆ మాట వెటకారానికి అనలేదు. బ్యాట్ సంచిలో పెట్టుకుంటూ, బస్సెప్పుడని అడిగినంత మామూలుగా అడిగింది. కోచ్‌కి ఒళ్ళు మండింది అందుకే. వెటకారమైతే నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకునేది.

"ఏమీ ఇవ్వరు."

"అయితే వెళ్తా. వచ్చే నెల నుంచి క్లాసుకి కూడా రాను. అమ్మకి చెప్పేశా."

ఈ పిల్లేనా ఆ మాటన్నది! టేబుల్ టెన్నిస్ హాల్లో లైట్లు ఆర్పబోతే "ఒక్క ఆట పిన్నీ" అని కాళ్ళావేళ్ళా పడిన పిల్ల ఇది. బల్ల దగ్గర నుంచి లాక్కొస్తే గానీ ఇంటికొచ్చేది కాదు.

ఇంతకీ తప్పెవరిది? కోచ్‌దే. క్లాసయ్యాక పిల్లలు తమంతట తామే ఒక ఆట పెట్టుకున్నారు. అందరూ తమకు వాటం లేని చేత్తోనే ఆడాలి. బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. పడీపడీ నవ్వేవారు. ఈవిడ చూసి ఊరుకుంటే సరిపోయేది. "కాళ్ళు భలే కదులుతున్నాయే" అనుకుని క్లబ్బు సెక్రటరీ చెవిన వేసింది. ఆయన ఎగిరి గంతేసి, వారం వారం గెలిచినవాళ్ళకి టీషర్టన్నాడు. ఈవిడ గోడకి పాయింట్ల పట్టిక అంటించింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మొదట్లో హాలు కిటకిటలాడింది. తర్వాత బంతి నెట్‌కి తగిలిందనీ తగల్లేదనీ తగవులు మొదలయ్యాయి. బాగా ఆడేవాళ్ళు చేతకానివాళ్ళని వెతికి మరీ వాళ్ళతోనే పోటీకి దిగారు. కొత్త షాట్ ప్రయత్నించే ధైర్యం ఎవరికీ లేదు, పోతే పాయింటు పోతుందని. చివరికి టీషర్టులకి చందా ఇస్తున్న ఊరి పెద్దమనిషి చేతులెత్తేశాడు. ఆ రోజు నుంచి క్లాసవగానే హాలు ఖాళీ.

తెలియక చేసిందంటే సరే. కోచ్‌ల శిక్షణ పరీక్షలో ఇదే విషయం మీద పేజీన్నర జవాబు రాసిన మనిషి! ఇష్టంగా చేసే పనికి ముందే బహుమతి ఆశ చూపిస్తే, ఇష్టం పక్కకు జరిగి బహుమతే కారణమై కూర్చుంటుందనీ, అది పోయాక పాత ఇష్టం అంత తేలిగ్గా తిరిగి రాదనీ రాసింది. రాసి, మంచి మార్కులు తెచ్చుకుని, ఇంత నిర్వాకం చేసింది.

సెక్రటరీ గదిలో ఫ్యాన్ గరగరమంటోంది.

"ఈసారి బూట్లు పెడదాం మేడమ్."

"బూట్లయ్యాక సైకిలా? వద్దండీ. బల్లలు మడవడానికో, బంతులు ఏరడానికో ఇస్తానంటే ఇవ్వండి, ఆ పని ఎటూ ఎవరికీ ఇష్టం లేదు. ఆటకి మాత్రం వద్దు."

"ఈ కాలం పిల్లలు ఊరికే ఆడతారా?"

"ఊరికేనే ఆడేవాళ్ళు. మనం చెడగొట్టాం."

"చెప్తే వినరు కదా," అన్నాడాయన.

కోచ్ మెట్ల దగ్గర అక్క కూతుర్ని ఆపి అడిగింది. "ఆ ఆట అప్పుడెందుకంత బావుండేది?"

"అది మాది కాబట్టి."

"ఇప్పుడు?"

"ఇప్పుడది కూడా క్లాసే."

కోచ్ పట్టిక పీకేసింది. క్లాసయ్యాక అరగంట మీదే, నియమాలు మీవే, నేను లోపలికి రానని చెప్పింది. క్లాసులో రెండు కసరత్తులు చూపించి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పి, ఎంచుకోమంది. "శభాష్, నువ్వే ఫస్టు" అనడం మానేసి, "పాదం ముందు కదిలింది, అందుకే బంతి అందింది" అనడం నేర్చుకుంది. అయినా ఆ అరగంటకి ఒక్కరూ నిలబడలేదు. నడవాలో ఒంటరిగా నిలబడి పళ్ళు నూరుకునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మంట ఊరికే పోతుందా? పది రోజులకి ఇద్దరు ఆగారు, తర్వాత ఇంకొందరు. అక్క కూతుర్ని స్నేహితురాలు లాక్కెళ్ళింది. "ఈ నెల వరకే," అంది పిల్ల ముందే.

నెలాఖరున పిల్ల తలుపులోంచి తల బయట పెట్టింది.

"ఒకళ్ళు తక్కువయ్యారు పిన్నీ. వస్తావా? కోచ్‌లా కాదు."

ఎడమచేత్తో ఆడింది కోచ్. బంతి పైకప్పుకి తగిలింది. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు, తనూ నవ్వింది. ఇంతలో అక్క కూతురు బల్ల అంచు నుంచి ఓ విచిత్రమైన షాట్ కొట్టింది. బంతి పోయింది.

"మోచెయ్యి దగ్గరగా పెట్టుంటే..." కోచ్ నోరు జారింది.

నవ్వు ఆగిపోయింది. అందరూ మార్కుల కోసం చూసినట్టు ఆమె మొహంలోకి చూశారు. పిల్ల వచ్చి ఆమె చేతిలోంచి బ్యాట్ తీసేసుకుంది.

"నువ్వు బయట ఉండు పిన్నీ."

తలుపు మూసుకుంది. కోచ్ తన నోటిని తనే తిట్టుకుంది. లోపల అలికిడి లేదు. మళ్ళీ చెడగొట్టానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి బంతి చప్పుడు వినిపించింది, తర్వాత ఎవరో గట్టిగా నవ్వారు. తలుపు కొంచెం తెరుచుకుంది.

"పిన్నీ, నేను ఆలస్యంగా వస్తానని అమ్మకి చెప్పవా?"

వచ్చే నెల కూడా వస్తావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఫోన్ తీసి అక్కకి కలిపింది.