బాగుందనని మనిషి

కాలనీ ఉత్సవానికి పోస్టరు టీచరుగారే చేస్తారన్నది ఎవరూ చర్చకు పెట్టని విషయం. ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పువ్వును కోసి లోపలి భాగాలు బోర్డు మీద రంగు సుద్దలతో గీస్తే పిల్లలు పాఠం మానేసి బొమ్మ చూసేవాళ్ళు. ఉత్సవ సంఘం కార్యదర్శి ఆవిడ దగ్గర చదివినవాడే. కోశాధికారి భార్య చదివింది. పచారీ కొట్టాయన తప్పాడు గానీ చదివాడు. అలాంటి మనిషి పోస్టరు గీసి ముందు పెడితే "బాగుంది టీచరుగారూ" అనడం తప్ప ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది?

ఆవిడ భర్త ఉన్నన్నాళ్ళూ మొదటి మెప్పు ఆయనదే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దూరంగా పట్టుకుని, "అద్భుతం" అనేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో ఆవిడా, ఆడపడుచూ ఉంటున్నారు. ఆడపడుచు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది.

ఈసారి ఉత్సవానికి ఒక ప్రత్యేకత ఉంది. మెయిన్ రోడ్డుకి అవతల కొత్త ఫ్లాట్లు లేచాయి. రెండు వందల పైచిలుకు కుటుంబాలు దిగి ఏడాది దాటింది. ఇటువైపు వాళ్ళకి అటువైపు వాళ్ళెవరో తెలియదు. పోయిన ఏడాది ఉత్సవంలో వెనక కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అటువైపు నుంచి ఒక్కరూ రాలేదు. "వాళ్ళకి మనమంటే లెక్కలేదు" అని కార్యదర్శి తేల్చేశాడు. ఈసారి వాళ్ళ గోడల మీద కూడా పోస్టర్లు అంటించాలని సంఘం తీర్మానించింది.

టీచరుగారు పది రోజులు కంప్యూటరు ముందు కూర్చున్నారు. చుట్టూ పూల తీగ, వెనక పార్కు ఫోటో, పచ్చని చెట్ల మీద ఎర్రని అక్షరాలు. కార్యక్రమాలన్నీ వరసగా, సంఘం సభ్యుల పేర్లు హోదాలతో సహా, ఐకమత్యం మీద సొంతంగా రాసిన నాలుగు పంక్తులు. ఒక మూల చిన్న బొమ్మ: రెండు చేతులా రెండు మడత కుర్చీలు పట్టుకుని నడుస్తున్న ఒకావిడ, వెనక నుంచి చూస్తే కనిపించినట్టు. గ్రూపులో పెట్టగానే దండాలూ చప్పట్లూ వచ్చిపడ్డాయి. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిల్ల ఊరందరికీ ముద్దయినట్టే కనిపించింది.

ప్రెస్సుకి పంపే ముందు టీచరుగారికి ఒక ఆలోచన వచ్చింది. కొత్త ఫ్లాట్లలో ఒకావిడ దినపత్రికలో పేజీలు దిద్దుతుందని కూరగాయల బండి దగ్గర పరిచయమైనప్పుడు తెలిసింది. ఏ వార్త ఎక్కడుండాలో, ఏ అక్షరం ఎంతుండాలో చూసేది ఆవిడే. ఆవిడ కూడా ఒక మాట బాగుందంటే నిండుగా ఉంటుందనిపించింది. పోస్టరును ఇంటి ప్రింటరు మీద నాలుగు కాగితాలుగా తీసి, అతికించి, చుట్టగా చుట్టి పట్టుకెళ్ళారు.

పేజీలావిడ దాన్ని బల్ల మీద పరిచి, ముడుచుకుపోతున్న అంచులు అరచేతులతో అదిమి చూసింది.

"మెచ్చుకోమంటారా, చూడమంటారా టీచరుగారూ?" అంది చివరికి.

టీచరుగారు నవ్వారు. "చూడండమ్మా. అందుకేగా తెచ్చాను."

"అయితే బల్ల మీద కాదు. ఇది గోడ మీద ఉండే వస్తువు కదా. రండి."

కిందికి దిగారు. బస్టాపు పక్క గోడకి పేజీలావిడ టేపుతో దాన్ని అంటించింది. టీచరుగారిని రోడ్డు దాటించి ఇటువైపు నిలబెట్టింది.

"మీరు రాశారన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి. బస్సు కోసం నిలబడ్డారు. ఏం కనిపిస్తోంది?"

టీచరుగారు చూశారు. తీగ కనిపించింది. తీగ మధ్యలో పచ్చగా, నల్లగా ఏదో గుబురు. అక్షరాలు ఉన్నాయని తెలుసు కాబట్టి ఉన్నట్టు అనిపించాయి.

"పువ్వులు" అన్నారు.

"ఎప్పుడు రమ్మంటున్నారు?"

తేదీ కింద కుడిచేతి మూలన, సభ్యుల పేర్ల తరవాత ఉంది. అక్కడుందని ఆవిడకి కంఠతా తెలుసు. కానీ కళ్ళకి అందలేదు.

పేజీలావిడ ఫోను తీసి పోస్టరును ఫోటో తీసింది. రంగులు తీసేసి నలుపు తెలుపులో చూపించింది. ఎర్ర అక్షరాలు చెట్లలో కలిసిపోయాయి. ఉత్సవం పేరే మాయమైంది.

"ఎరుపూ పచ్చా వేరు వేరు రంగులే గానీ, రెంటి ముదురూ ఒక్కటే. కంటికి దూరం నుంచి ముందు తెలిసేది ముదురూ లేతా. పైగా కొందరికి ఈ రెండు రంగులకీ తేడాయే తెలీదు."

"తెరమీద మెరిసిపోయిందే" అన్నారు టీచరుగారు.

"తెర వెలుగుతుంది. కాగితం వెలగదు. ప్రెస్సులో నాలుగు సిరాలు కలిపి ఆ పచ్చ తెస్తారు, ఇంకా మసకగా వస్తుంది. ఆ ఫోటో కూడా ఫోన్లో ఒకరు పంపితే ఇంకొకరు పంపిందేమో, పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా పగులుతుంది."

దగ్గరికి వెళ్ళాక ఇంకా చూపించింది. 'ఉత్సవం'లో స వత్తు కిందికి దిగి, కింది వరుసలో 'సమితి' మీది గుడిలో ఇరుక్కుంది. మన అక్షరాలకి పైనా కిందా సామాను ఎక్కువ, వరుసకీ వరుసకీ మధ్య గాలి ఆడాలంది. అయిదు రకాల అక్షరాలు వాడితే అయిదుగురు ఒకేసారి మాట్లాడినట్టుంటుందంది. సభ్యుల పేర్లు కాగితం అంచుదాకా వెళ్ళాయి, ప్రెస్సులో అంచు కోసేటప్పుడు చివరి పేరు తెగిపోవచ్చంది.

"మరి ఏదీ బాగులేదా?" అన్నారు టీచరుగారు. ఆ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

పేజీలావిడ మూలనున్న చిన్న బొమ్మ మీద వేలుపెట్టింది. "ఇది బాగుంది. కుర్చీల బరువుకి భుజాలు కిందికి దిగడం మీరు చూసి వేశారు. ఆ తీగ ఎక్కడినుంచో తెచ్చిపెట్టారు. కష్టంగా ఉంటే క్షమించండి. చూడమన్నారని చెప్పాను."

టీచరుగారు థాంక్స్ చెప్పి, పోస్టరు ఊడదీసి, ఇంటికి వచ్చారు. దారిలో ఎవరో నమస్కారం పెడితే చూసుకోలేదు.

ఆ సాయంత్రం టీ చల్లారిపోయింది. ఆడపడుచు కప్పు తీయబోతూ అడిగింది.

"ఏమైంది వదినా?"

ఆవిడ చెప్పారు. చెబుతూంటే బాధ కోపమైంది. "నిన్నగాక మొన్న వచ్చిన మనిషి. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను, ఒక్కళ్ళూ ఒక్క మాటనలేదు. అందరూ గుడ్డివాళ్ళా?"

ఆడపడుచు కుర్చీ లాక్కుని కూర్చుంది. "పోయినసారి ఎన్నింటికో తెలీక నేను వాచ్‌మన్‌ని అడిగాను."

"పోస్టరు మన గేటుకే ఉందిగా."

"ఉంది. వెతికాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు గేటు దగ్గర నిలబడి అందరి మొహాలూ చూస్తున్నావు. ఆ మొహం చూసి ఎవరు చెబుతారు?"

టీచరుగారు చల్లారిన కప్పును పక్కకి జరిపారు. తరవాత, అడగకుండా ఉంటే బాగుండునని తెలిసే అడిగారు. "మీ అన్నయ్యకి తెలుసా?"

"ఒకసారి అన్నాను అన్నయ్యతో, చదవడం కష్టంగా ఉందని. 'నాకూ కష్టంగానే ఉంది, వెళ్ళి చెప్పకు, పాపం ఎంత ఇష్టపడి వేసిందో' అన్నాడు."

అప్పుడు ఆవిడకి ఏడుపు వచ్చింది. పోస్టరు గురించి కాదు. ఇన్నేళ్ళ అద్భుతాల్లో ఏది నిజమో ఇక అడగడానికి మనిషి లేడు. ఆవిడ ఎవరి కాగితం మీదా ఊరికే మార్కు వేసిన మనిషి కాదు. తప్పుంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ఎందుకో రాసేవారు. అలా చేస్తేనే పిల్లవాణ్ణి గౌరవించినట్టని నమ్మేవారు. తన కాగితం మాత్రం ఎవరూ దిద్దలేదు. ఇంట్లోవాళ్ళు కూడా.

ఆడపడుచు ఓదార్చలేదు. కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుంది. కాసేపటికి, "అన్నయ్యకి నువ్వంటే ప్రాణం వదినా. అంతే" అని లేచి టీ మళ్ళీ పెట్టింది.

రెండు రోజులు కంప్యూటరు తెరవలేదు. మూడోనాడు పొద్దున తెల్ల కాగితాలూ పెన్సిలూ తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. అగ్గిపెట్టెంత గళ్ళు గీసి, ఒక్కోదాంట్లో ఒక్కో అమరిక వేసి చూశారు. దూరం నుంచి ఏది కనపడాలి? ఏదో పండగ ఉందని. నాలుగడుగులు దగ్గరికొస్తే? ఎప్పుడు, ఎక్కడ. గోడ దగ్గర నిలబడ్డవాడికే మిగతావి. పార్కు ఫోటో పోయింది. తీగ పోయింది. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు, అయినా చెరిపారు. కుర్చీలావిడ బొమ్మను సగం కాగితం నిండేలా మళ్ళీ గీశారు. లేత పసుపు మీద ముదురు నీలి అక్షరాలు, ఒకే రకం, లావూ సన్నం తేడాతో. వత్తులకి చోటు వదిలారు. వెనక పసుపును ప్రెస్సులో అంచు కోసే గీత దాటించి, అక్షరాలను లోపలికి జరిపారు. కళ్ళు సగం మూసి చూశారు. బొమ్మ, పేరు, తేదీ మిగిలాయి.

కింద ఒక వాక్యం రాశారు: "మాకు మీరు తెలియదు, రండి."

పేజీలావిడ ఈసారి గోడకి అంటించి చూసి తలూపింది. "ఆ వాక్యం తీసేయొచ్చు. తేదీకి ఇంకా చోటొస్తుంది."

టీచరుగారు ఆలోచించారు. "లేదమ్మా. అది ఉంటుంది. దాని కోసమే కదా ఇదంతా."

"సరే" అంది పేజీలావిడ. వాదించలేదు. "అయితే పేరుని కొంచెం పైకి జరపండి."

సంఘం సమావేశంలో కార్యదర్శి పోస్టరును అటూ ఇటూ తిప్పాడు. "మన పేర్లేవి టీచరుగారూ?"

"హాలు గుమ్మం దగ్గర వేరే కాగితం మీద ఉంటాయి."

"బోసిగా లేదూ? పాతది ఎంత నిండుగా ఉంది."

"పాతదాంట్లో తేదీ ఎక్కడుందో చెప్పు చూద్దాం."

అతను ఫోను తీసి గ్రూపులో పాతదాన్ని వెతకబోయాడు. ఎవరో దగ్గారు.

"నువ్వు చెప్పలేకపోవడం నీ తప్పు కాదు నాయనా. పోయిన ఏడాది అటువైపు వాళ్ళు రాకపోవడం కూడా వాళ్ళ తప్పు కాకపోవచ్చు."

కొత్తదే అచ్చయింది. కార్యదర్శి ఆ వారమంతా ఆవిడతో ముభావంగానే ఉన్నాడు. కోశాధికారి తన పేరు లేదని చందా పుస్తకం ఇంకొకరికి అప్పగించాడు. ఎప్పుడూ వచ్చే నమస్కారాలు కొన్ని తగ్గాయి. టీచరుగారికి అది గుచ్చుకుంది.

ఉత్సవం నాడు హాలు నిండలేదు. కానీ అటువైపు నుంచి నాలుగు వరసల మంది వచ్చారు. ఒక ముసలాయన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడ్డ టీచరుగారితో, "మేం తెలీదన్నారుగా, చెబుదామని వచ్చాం" అన్నాడు. ఆయన రైల్వేలో సిగ్నళ్ళు చూసేవాడట. ఆవిడ ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆయన మాట్లాడినంతసేపూ పక్కనే ఉన్నారు. పేజీలావిడ రాలేదు, ఆవిడకి ఆ సాయంత్రం డ్యూటీ.

మర్నాడు వదినా ఆడపడుచూ కలిసి పోస్టర్లు తీయడానికి వెళ్ళారు. బస్టాపు గోడ మీది కాగితం జిగురు గట్టిగా పట్టి సగమే ఊడింది.

"ఈసారి తేదీ వెతుక్కోలేదు" అంది ఆడపడుచు, మిగిలిన ముక్కని గోటితో గీకుతూ. "కానీ ఆ పసుపు నాకు నచ్చలేదు వదినా. నీరసంగా ఉంది."

టీచరుగారు ఆ ముక్క వైపు ఎండలో కాసేపు చూశారు.

"నిజమే. కొంచెం ముదురు వేయాల్సింది" అన్నారు.