సున్నా డిగ్రీల దగ్గర సగం

మా ల్యాబ్‌లో ఏసీ ఎప్పుడూ చలి పుట్టిస్తుంది, కొలిమి ఎప్పుడూ మండుతూ ఉంటుంది. మస్కట్ ఎండలోంచి లోపలికొచ్చినవాళ్ళు మొదట హాయిగా నిట్టూర్చి, పది నిమిషాల్లో శాలువా అడుగుతారు. ఈ ల్యాబ్ నా చేతికింద ఉంది. కొవ్వూరు నుంచి వచ్చి, భౌతికశాస్త్రం చెప్పుకుంటూ ఇక్కడే పాతబడిపోయాను. పేరు రమణి. నాకు కోపం ఎక్కువని పిల్లలు చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు.

నవీన ఇక్కడ పరిశోధన చేస్తోంది. జగిత్యాల వైపు పిల్ల. వాళ్ళ నాన్న గంగన్న రుస్తాఖ్ దగ్గర సైట్లో కడ్డీలు కట్టే పని చేస్తాడు. సిమెంటు దుమ్ములోనే సగం వయసు గడిచిపోయింది. ఒకటే దగ్గు. ఇక దుమ్ములో పని చెయ్యొద్దని కూలీల క్యాంపుకొచ్చే డాక్టరు ఎప్పుడో చెప్పాడు. కానీ నవీన స్టైపెండ్ గడువు దాటిపోయింది. రూమూ ఫీజూ ఆయన జీతంలోంచే వెళ్ళాలి. అందుకని ఆయన ఒక ముడుపు కట్టుకున్నట్టు కూర్చున్నాడు. బిడ్డ డాక్టరేట్ అయిన రోజు వీసా కాన్సల్ చేయించుకోవడం, ఆ వారంలోనే ఊరికి ప్రయాణం.

ఒక శుక్రవారం ఆయన ల్యాబ్ చూడ్డానికొచ్చాడు. తన పనేమిటో నవీన ఆయనకి చెప్పిన తీరు నాకు ముచ్చటేసింది.

"బాపూ, ఈ కొలిమిల లోహం ఆవిరైతది. ఆ ఆవిరిల పరమాణువులు సన్నటి దారంలెక్క ఈ గొట్టంల ఉరుకుతయి. లోపల గాలి ఉండది. గీ మొదటి అయస్కాంతం ఉన్నది సూడు, దీని బలం ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ. గిది నిలువుగ అడుగుతది, పైకి పోతవా, కిందికి పోతవా అని. నడుమ పోయెటోడు ఒక్కడుండడు. రెండే గుంపులు."

"పంచాయితి ఎలచ్చన్ లెక్కనా?"

"గట్లనే. కింది గుంపును ఆపి, పైకన్నోళ్ళనే ముందుకు పంపుత. రెండో అయస్కాంతం గూడ నిలువుగనే అడిగితె, అందరు మల్ల పైకే అంటరు. దాన్ని పక్కకు తిప్పి అడ్డంగ అడిగితె కుడికి సగం, ఎడమకు సగం. గా కుడోళ్ళనే తీస్కపోయి మూడోదాంతోని మల్ల నిలువుగ అడిగిన. ఏమంటరు చెప్పు?"

"మొదలే పైకన్నరు గద. పైకే అంటరు."

"అనరు బాపూ. సగం పైకి, సగం కిందికి. అడ్డంగ అడిగినంక నిలువు ముచ్చట వాళ్ళ దగ్గర మిగలది."

గంగన్న చాలాసేపు ఆ గొట్టాన్ని అనుమానంగా చూశాడు. "ఒక్క మాట మీద నిలవడనోళ్ళతోని నీకేం పనే బిడ్డా" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు దగ్గులోకి దిగి, కాసేపు ఆగలేదు.

నవీన థీసిస్ అంతా ఆ చివరి సగం సగం మీదే నిలబడింది. పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేలిపోయే ఈ సంగతిని నిజం పరమాణువులతో, మూడు అయస్కాంతాలతో చేసి చూపించడం బ్రహ్మవిద్య. రెండు అయస్కాంతాల మధ్య దారిలో దిక్కుమాలిన అయస్కాంత బలాలు ఎన్నో తిరుగుతుంటాయి. భూమిది ఒకటి, గోడల్లోని ఇనుముది ఒకటి. వాటి మధ్య పడి పరమాణువు తాను 'పైకి' అన్న సంగతి దారిలోనే పోగొట్టుకోకుండా, అక్కడొక చిన్న తీగచుట్ట పెట్టాం. అది మొదటి అయస్కాంతం దిక్కునే చిన్నపాటి బలం పట్టి ఉంచుతుంది. అది సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఒకటే పరీక్ష. రెండో అయస్కాంతాన్ని సున్నా డిగ్రీల దగ్గర, అంటే మొదటిదాని దిక్కునే పెట్టి కొలవాలి. అందరూ పైకే రావాలి.

నవీన ఆ పరీక్ష చేసింది. మొదటి ఏడాదే చేసింది, బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత వేసవిలో పంపు పాడై గొట్టం మొత్తం విప్పి మళ్ళీ బిగించారు. నేనప్పుడు సెలవులో ఊళ్ళో ఉన్నాను. బిగించాక తొంభై డిగ్రీల దగ్గర, అంటే అడ్డంగా, కొలిస్తే సగం సగం వచ్చింది. మూడోదాని దగ్గరా సగం సగమే. పుస్తకంలో ఉన్న జవాబే రావడంతో గైడు ఖమరుద్దీన్ గారు ఆమె వీపు తట్టారు. మా చదువుకున్నవాళ్ళ జబ్బే అది. జవాబు తప్పొస్తే యంత్రాన్ని పీకి పందిరేస్తాం, ఒప్పొస్తే యంత్రం ముఖం కూడా చూడం.

వైవా రోజు గంగన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మత్రా బజారులో కొన్న హల్వా డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాడు. కంపెనీకి కాన్సల్ కాగితం ఇచ్చేశానని నాతో చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాలి. నేలకి జానెడు పైన నడుస్తున్నాడు మనిషి.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఇర్షాద్ గారు నెమ్మదైన మనిషి. నవీన మాట్లాడినంతసేపూ తల ఊపుతూ విన్నారు. ల్యాబ్‌కి వచ్చి తొంభై డిగ్రీల కొలత చూస్తానన్నారు. నవీన పరమాణువుల్ని పసిగట్టే వేడి తీగని మెల్లగా జరిపింది. తెరమీద రెండు గుట్టలు లేచాయి, దాదాపు ఒకే ఎత్తు. ఇర్షాద్ గారి ముఖం వికసించింది.

"చాలా బాగుంది. అరవై డిగ్రీల దగ్గర కూడా తీశారా? అక్కడ ముప్పావు వంతు ఒకవైపు రావాలి కదా."

"లేదు సర్. మా స్టాండు సున్నా, తొంభై దగ్గరే ఆగుతుంది."

"సరే, సున్నా చూపించండి. అన్నీ వేడిగానే ఉన్నాయిగా. చూసి టీకి వెళదాం."

ఆయన మాటలో ఏ దురుద్దేశమూ లేదు. చేతిలో మిఠాయి ఉంటే కొరికి చూసే మనిషిలా అడిగారు. నవీన బయటి పిడి పట్టుకుని రెండో అయస్కాంతాన్ని తిప్పింది, కూనిరాగం తీస్తూ. తీగని మళ్ళీ జరిపింది.

రెండు గుట్టలు లేచాయి. దాదాపు ఒకే ఎత్తు.

నవీన మళ్ళీ తీసింది. మళ్ళీ అదే. ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను. పైకి అన్నవాళ్ళనే పంపి, అదే దిక్కున అడిగితే సగం మంది కిందికి అంటున్నారు. అంటే దారిలోనే వాళ్ళు సంగతంతా పోగొట్టుకున్నారు. ఏ దిక్కూ లేని ఆ గుంపుని నిలువుగా అడిగినా, అడ్డంగా అడిగినా, ఐమూలగా అడిగినా సగం సగమే వస్తుంది. తొంభై దగ్గర వచ్చిన అందమైన సగం నిజం సగమో, ఈ చెత్త సగమో చెప్పే దారి లేదు. మూడోదాని దగ్గర నిలువు సంగతిని చెరిపేసింది అడ్డం ప్రశ్న అని థీసిస్ అంతా రాసింది పిల్ల. చెరపడానికి అక్కడ అసలేం మిగిలిందని?

నాకు ఒకటే తోచింది. "తీగచుట్ట కరెంటు చూడు" అన్నాను.

నవీన వంగి చూసింది. వేసవిలో తిరిగి బిగించినప్పుడు చుట్టకి కరెంటు తెచ్చే రెండు తీగలు అటుదిటు ఇటుదటు పడ్డాయి. చుట్ట బలం ఎదురు దిక్కున ఉంది. పరమాణువులు ఒక దిక్కు బలంలోంచి బయల్దేరి, నడుమ బలమే లేని చోటు దాటి, ఎదురు బలంలో పడుతున్నాయి. ఆ ఖాళీ చోట ఒక్కొక్కటి ఒక్కో వేగంతో పోతూ చెల్లాచెదురైపోతోంది. నవీన తీగలు మార్చింది. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మళ్ళీ కొలిస్తే ఒకటే గుట్ట, నిటారుగా. రెండోది ఉండాల్సిన చోట నేల చదునుగా ఉంది.

ఇంతకంటే శుభ్రమైన కొలత మా ల్యాబ్‌లో ఎన్నడూ రాలేదు. దాన్ని చూస్తూ ఆ పిల్ల ఏడ్చింది.

ఇర్షాద్ గారు నిజంగా బాధపడ్డారు. కానీ చెప్పాల్సింది చెప్పారు. వేసవి తర్వాతి కొలతలన్నీ మళ్ళీ తీయాలి, మళ్ళీ సమర్పించాలి. ఖమరుద్దీన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన మీద నాకు వచ్చిన కోపానికి హద్దు లేదు, కానీ దేనికి పనికొస్తుంది? కొలిమి నింపడం, గాలి తోడెయ్యడం, రోజుల తరబడి కొలవడం, అంతా కలిపి ఏడాది పని.

వరండాలో హల్వా డబ్బా అప్పటికే సగం ఖాళీ అయింది. "నా బిడ్డ డాక్టరైంది, తినుండ్రి" అని వచ్చేపోయేవాళ్ళందరికీ గంగన్న పెట్టేశాడు. నవీన ఎదురుగా నిలబడి, చెప్పలేక, నా వైపు చూసింది.

"గంగన్న గారూ, కొలతల్లో ఒక పొరపాటు దొర్లింది. మళ్ళీ తీయాలండి. ఏడాది పడుతుంది" అన్నాను.

ఆయన డబ్బా మూత పెట్టాడు. అది సరిగ్గా పట్టలేదు. మళ్ళీ నొక్కాడు.

"బాపూ, నువ్వు పో. నేను ఏదన్న చూసుకుంట. నీకు దండం పెడత, నువ్వు ఇంటికి పో."

"ఏం చూసుకుంటవే? ఊకో." ఆయన ఫోన్ తీసి ఫోర్‌మన్‌కి కలిపాడు. "భాయ్, ఓ కాన్సల్ కాగజ్ రోక్ దేనా. హా, మై రుకుంగా" అన్నాడు. కాన్సల్ ఆపించి, ఇక్కడే ఉండిపోతానని చెప్పేశాక మా ఇద్దరి వైపూ చూసి, తప్పు తనదైనట్టు నవ్వాడు. ఎందుకు, ఏమిటి అని ఒక్క మాట అడగలేదు. కూతుర్ని తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది నవీన పొద్దున రాగానే చేసే మొదటి పని సున్నా పరీక్ష. అందరూ పైకి వచ్చాకే తొంభైకి తిప్పేది. గంగన్న శుక్రవారాలు రావడం తగ్గించాడు. తర్వాత మానేశాడు. రుస్తాఖ్ నుంచి ఆయనతో పనిచేసే భూమేశ్ ఫోన్ చేసిన రోజున నేనూ నవీనా బౌషర్ ఆసుపత్రికి పరుగెత్తాం. ఊపిరితిత్తుల్లో పనికొచ్చే భాగం ఏమంత మిగల్లేదనీ, ప్రయాణం కూడా కుదరదనీ డాక్టరు చెప్పాడు. ఊరికి పంపలేని మనిషి చేతికి సూది గుచ్చి, ముక్కుకి గొట్టం పెట్టి పడుకోబెట్టారు.

నవీన చివరి కొలత ముగించిన రోజు మేమిద్దరం ఆయన మంచం పక్కన కూర్చున్నాం. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాపూ, అయింది. అన్ని మంచిగొచ్చినయి. ఈసారి ఎవ్వలు వంక పెట్టరు."

"ఏమొచ్చింది బిడ్డా?"

"అడ్డంగ సగం సగం. మూడోదాని దగ్గర సగం సగం."

ఆయన కాసేపు గాలి పోగుచేసుకున్నాడు. ముఖంలో కోపం లేదు, నిందా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"పోయినేడు గూడ గదే వచ్చింది గద బిడ్డా?"

నవీన నా వైపు చూసింది. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. జవాబు ఒప్పొస్తే చాలదని, అదెలా వచ్చిందో చూడాలని క్లాసులో ఎన్నిసార్లు అరిచి చెప్పానో లెక్కలేదు. ఆయన ముక్కు దగ్గర జారిన గొట్టం సరిచేశాను.