పిన్ను సరిపోయిన అడాప్టర్

2007 జూన్ పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఎండ నలభై ఒక్క డిగ్రీలు, గాలి లేదు. విజయవాడ వన్ టౌన్‌లో నజీమా నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో ఎనిమిది కంప్యూటర్లూ నిండి ఉన్నాయి. మస్కట్‌లో ఉన్న భర్త పోలరాజుతో మాట్లాడుతున్న గంగారత్నానికి తెరమీది బొమ్మ కదలకుండా నిలిచిపోయింది.

"చూడమ్మా నజీమా, నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయాడు. పెళ్లిచూపుల్లోనూ ఇంతే!"

అందరూ నవ్వారు. నజీమా నవ్వలేకపోయింది. ఈ గది ఇచ్చినవారూ, కింద ఎలక్ట్రికల్ దుకాణం నడిపేవారూ అయిన బావగారు అష్ఫాక్ పొద్దున్నే తేల్చి చెప్పారు: "నీ నెట్టు నత్తలా పాకుతోందని బజారంతా నవ్వుతోంది. శనివారానికి గది ఖాళీ చెయ్, వైరు చుట్టలు పెట్టుకుంటాను."

టెలిఫోను వాళ్లు వచ్చి చూసి, లైనులో లోపం లేదన్నారు. ఉదయం ఒకరిద్దరున్నప్పుడు బాగానే నడిచేది. గది నిండితేనే ఈ అవస్థ. నజీమా ఈసారి కంప్యూటర్లను వదిలి రూటర్‌నే చూస్తూ కూర్చుంది. దాని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. లైను పోతే లైను దీపం ఒక్కటే ఆరాలి. గదిలో కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంటే నెట్టు నెమ్మదించడం లేదు. రూటరే చచ్చి బతుకుతోంది. బతికి మళ్లీ లైను అందుకునే ఆ రెండు నిమిషాలనే జనం 'స్లో' అంటున్నారు.

అడాప్టర్‌ను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రూటర్ అడుగున పన్నెండు వోల్టులు, ఒక ఆంపియర్ అని ఉంది. అడాప్టర్ మీద వోల్టులు అవే. ఆంపియర్ మాత్రం సగం. ఎనిమిది కంప్యూటర్లూ ఒకేసారి నడిస్తే రూటర్ లాగే కరెంటును ఇది ఇవ్వలేదు. పాతది కాలిపోయినప్పుడు, వన్ టౌన్ అలవాటు ప్రకారం దాన్నే నమూనాగా పట్టుకెళ్లి, పిన్ను పోల్చి తెచ్చుకున్నది అది. పోల్చి ఇచ్చింది అష్ఫాక్ గారే.

ఆమె కిందికి దిగింది. "భాయ్‌సాబ్, పన్నెండు వోల్టులు, ఒక ఆంపియర్ అడాప్టర్ ఒకటి ఇవ్వండి. మీరూ పైకి రండి."

"పిన్ను సరిపోయిందిగా?"

"లాడం సరిపోయిందని గుర్రం పరిగెత్తుతుందా? లోపల బలముండాలి కదండీ."

కొత్తది తగిలించింది. ఎనిమిది కంప్యూటర్లూ గంటసేపు ఏకధాటిగా నడిచాయి. తరువాత అష్ఫాక్ చూస్తుండగానే పాతది పెట్టింది. కాసేపటికే దీపాలన్నీ ఆరిపోయాయి. మళ్లీ కొత్తది పెట్టింది.

"అంటే ఇన్నాళ్లూ నా సరుకే నిన్ను ముంచిందన్నమాట," అన్నారాయన తల గోక్కుంటూ.

"మరి వైరు చుట్టలు?"

"మెట్ల కింద పెట్టుకుంటాలే తల్లీ!"

"ఏవండోయ్, కదిలారు!" అని గంగారత్నం కేకేసింది. గది చప్పట్లతో మారుమోగింది.

ఆ సెంటర్ 2015 దాకా నడిచింది. కింద దుకాణంలో అడాప్టర్ కోసం వచ్చిన ప్రతివారినీ అష్ఫాక్ గారు, పిన్ను చూసే ముందు, ఎన్ని ఆంపియర్లని అడిగేవారు.