భుజం మీది మడత

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా టచప్ మాస్టారు అంటుంది. ఫొటో స్టూడియో ఆయనది. మొటిమలు మాయం చేస్తాడు, పెళ్ళిలో మొహం మాడ్చుకున్న మేనత్తని నవ్విస్తాడు, అసలు పెళ్ళికే రాని మేనమామని తెచ్చి వెనక వరసలో నిలబెడతాడు. మా అక్క పోయాక ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తావిడ మనసు కష్టపడకూడదని, ఇంట్లో గోడమీదున్న ప్రతి ఫొటోలోంచీ మా అక్కని తీసేశాడు. సముద్రం ఒడ్డున ఇద్దరూ నిలబడ్డ ఫొటోలో ఇప్పుడు ఆయనొక్కడే నిలబడి ఉంటాడు, పక్కన అలలు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు కూడా.

అప్పటికి అక్క కూతురు చిట్టికి నడక కూడా సరిగా రాలేదు. దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టి చేతులు దులుపుకున్నాడు. మా పుట్టింట్లో ఉన్న ఒక్క ఆల్బమ్‌నీ బాగుచేసి ఇస్తానని పట్టుకెళ్ళి, తర్వాత అడిగితే తడిసిపోయిందన్నాడు. కంప్యూటర్లో ఎక్కించినవో అంటే హార్డ్ డిస్క్ పోయిందన్నాడు. మా దగ్గర మిగిలింది అక్క గుర్తింపు కార్డు జిరాక్సు ఒకటి. అందులో మొహం ఉండాల్సిన చోట ఓ నల్లటి మరక. చిట్టి దాన్ని దీపం దగ్గరా, కిటికీ దగ్గరా పెట్టి చూసేది. "ముక్కు నాలాగే ఉండేదా పిన్నీ?" అని అడిగేది. ఉండేదని చెప్పేదాన్ని.

నాది ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే దుకాణం. పాస్‌పోర్టులు, వీసాలు, పరీక్ష ఫీజులు అన్నీ చేస్తాను. ఒక కంప్యూటర్, ఒక స్కానర్, ఓ మూల తెల్లటి గోడ, దాని ముందు స్టూలు. ఈ సంవత్సరం ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పై దేశంలో కెమెరాల ప్రదర్శనకి గుంపుగా వెళ్ళాలనుకుని, అందరి వీసా అప్లికేషన్లూ నాకే అప్పగించారు. అందరివీ నా లాగిన్ మీదే వెళ్ళాలి. ఆ ప్రదర్శనలో మా బావ తయారుచేసిన ఓ పెళ్ళి ఆల్బమ్ పెడుతున్నారట, వేదిక మీదకి పిలిచి శాలువా కప్పుతారట. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు, ఆయనే చెప్పాడు కనక.

అలా ఇన్నేళ్ళ తర్వాత ఆయన నా దుకాణం మెట్లెక్కాడు. చిట్టి ఎలా ఉందని అడగలేదు. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, ఫొటో తనే తయారు చేసుకున్నానన్నాడు.

ఆ దేశం వాళ్ళ నిబంధనలు నా గోడమీద పెద్ద అక్షరాల్లో అంటించి ఉంటాయి. ఫొటో చదరంగా ఉండాలి, ఒక్కో వైపు కనీసం ఆరువందల పిక్సెళ్ళు. ఫైలు రెండువందల నలభై కేబీ దాటకూడదు. గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా తల, ఫొటో ఎత్తులో సగానికి తగ్గకూడదు, నూటికి అరవైతొమ్మిది వంతులు మించకూడదు. వెనక తెల్లగా, ఖాళీగా, నీడ పడకుండా ఉండాలి. కళ్ళజోడు పెట్టుకోకూడదు. ఆరు నెలల్లోపు తీసిందై ఉండాలి, యాప్‌తోగాని ఇంకోదానితోగాని దిద్ది ఉండకూడదు.

ఆయన ఫొటో తెరిచాను. కొలతలు అచ్చుగుద్దినట్టున్నాయి. తల సరిగ్గా లోపలే ఉంది, గోడ పాలలా ఉంది, ఫైలు బరువు హద్దు దాటలేదు. కానీ అందులో ఉన్న మనిషి పదేళ్ళ కిందటివాడు. నుదుటి మీద జుట్టుంది, దవడ కింద తిత్తి లేదు. వేసుకున్న గళ్ళ చొక్కా మా అక్క కొన్నది, కొన్నరోజు నేనూ దుకాణానికి వెళ్ళాను. ఆ చొక్కా ఎడమ భుజం మీద ఓ మడత పడి ఉంది. బట్ట కిందకి నొక్కుకుపోయి, అక్కణ్ణుంచి మెడ వైపు లాగినట్టు గీతలున్నాయి. ఎవరో చెయ్యి వేసి నిలబడితే పడే మడత అది. చేతిని చెరిపేశాడు, చెయ్యి బరువుని చెరపడం మర్చిపోయాడు.

నా ఒళ్ళు మండింది. మా అక్కని కడిగేసిన ఫొటోతో శాలువా కప్పించుకోడానికి వెళ్తున్నాడు. వద్దు, ఇది చెల్లదు, అదిగో గోడ, కూర్చోండి అని ఎవరికైనా చెప్తాను. ఈయనకి చెప్పబుద్ధి కాలేదు. నా పని నేను చేశాను. "ఈ ఫొటో ఆరు నెలల్లోపు తీసిందని, ఎలాంటి మార్పులూ చేయలేదని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం పైకి చదివి వినిపించాను. టిక్కు పెట్టమన్నాడు, నా పనితనం మీద అనుమానమా అన్నట్టు చూశాడు. ఫొటో ఎక్కించగానే పక్కన ఆకుపచ్చ గుర్తు వచ్చింది. చూశావా అన్నాడు. చూశానన్నాను. ఆ గుర్తు పెట్టేది యంత్రం. అది పిక్సెళ్ళు, కేబీలు, తల కొలత చూస్తుంది. తర్వాత ఓ అధికారి కూర్చుని, పాస్‌పోర్టులో ఉన్న మొహాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి తన కళ్ళతో చూస్తాడు. ఆ మాట నేను చెప్పలేదు. ఆ రోజు కూరలో ఉప్పు మర్చిపోయినా చిట్టి ఏమీ అనలేదు, నేను పాటలు పాడుకుంటూ వండానట.

సంఘంలో అందరి వీసాలూ వచ్చాయి. ఈయనది తిరిగొచ్చింది. ఫొటో ప్రమాణాలకి తగినట్టు లేదు, మళ్ళీ దరఖాస్తు చేసుకోండి అన్నారు, ఎందుకో రాయలేదు. వాళ్ళెప్పుడూ అంతే. మా బావ ఊగిపోతూ వచ్చాడు. కేబీలు తగ్గించబోయి నేనే పాడుచేశానని నలుగురి ముందూ అరిచాడు. ఆయన మాటలు అయ్యేదాకా స్టాప్లరులో పిన్నులు నింపుకున్నాను.

మర్నాడే రెండో పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తల పెద్దదైపోయిందేమోనని తగ్గించి తెచ్చాడట. పెట్టి చూశాను. మొదటిదాంట్లో భుజాల దగ్గరే ఆగిపోయిన చొక్కా ఇందులో జేబు దాకా ఉంది. జేబులో పెన్ను కూడా కనిపిస్తోంది. నేను ఆ పెన్ను వైపే చూస్తూ కూర్చుండిపోయాను. కత్తిరించి పారేసిన చోట పెన్ను మొలవదు. ఇంతకంటే పెద్ద ఫొటో ఏదో ఈయన దగ్గర ఇంకా ఉంది. హార్డ్ డిస్క్ పోలేదు. ఇన్నేళ్ళూ చిట్టి ఆ నల్లటి మరకలో ముక్కు వెతుక్కుంటుంటే, వాళ్ళమ్మ ఆయన కంప్యూటర్లో భద్రంగా ఉంది.

అయినా ఆ రోజూ ఏమీ అనలేదు. అప్పుడే అడిగితే నీళ్ళు నమిలి, ఇంటికెళ్ళి దాన్నీ చెరిపేస్తాడు. పని ఆయన గొంతుదాకా వచ్చాకే అడగాలి. వాక్యం చదివాను, టిక్కు పెట్టమన్నాడు, ఆకుపచ్చ గుర్తు వచ్చింది. అదీ తిరిగొచ్చింది.

సంఘం బయల్దేరే వారం వచ్చింది. మా బావ ఈసారి అరవలేదు. దుకాణంలో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, తల కొలతలో తప్పా, గోడ తెలుపులో తప్పా అని అడిగాడు. మొహం పీక్కుపోయింది. నాకు జాలి కలగలేదు.

"తల కాదు బావగారూ, భుజం" అన్నాను. తెరమీద ఫొటో పెద్దది చేసి, మడత మీద వేలు పెట్టాను. "ఇక్కడ మా అక్క చెయ్యుంది."

ఆయన చాలాసేపు చూశాడు. తను చేసిన పనిలో లోపం పట్టుబడ్డ మనిషి చూపే అది, భార్య చెయ్యి గుర్తొచ్చిన మనిషి చూపు కాదు. అందుకే నాకు ఇంకా మండింది.

"దీని అసలు ఫొటో తెచ్చివ్వండి. ఇవాళే. అప్పుడు మీ అప్లికేషన్ ముట్టుకుంటాను."

"అది లేదే. ఎప్పుడో పోయింది."

"పోయిన ఫొటోలోంచి మొన్న జేబూ పెన్నూ ఎలా తెచ్చారు?"

సంఘం అధ్యక్షుడికి నా మీద ఫిర్యాదు చేస్తానన్నాడు. చేసుకోండి, ఆయనకీ ఈ మడత చూపిస్తానన్నాను. మొత్తం సంఘంలో ఫొటో ఎలా దిద్దాలో తెలియనివాడు మీరొక్కరేనని కూడా చెప్తానన్నాను. లేచి వెళ్ళాడు. చీకటి పడకముందే తిరిగొచ్చి, పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, కుర్చీలో కాకుండా నేరుగా తెల్లగోడ ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

ముందు ఫైలు తెరిచాను. తెరిచి, వెంటనే మూసేశాను. ఆయన ముందు ఏడవదల్చుకోలేదు.

తర్వాత ఆయన ఫొటో తీశాను. కళ్ళజోడు తీయించాను. గోడమీద నీడ పడకుండా స్టూలు ముందుకి జరిపించాను. నుదుటి మీదకి అడ్డంగా దువ్వుకున్న నాలుగు వెంట్రుకలూ పక్కకి తప్పించమన్నాను. మొహమంతా కనబడాలి కదా. కంటి కింద సంచుల్ని గాని, దవడ కింది తిత్తిని గాని ఓ పిసరు కూడా తగ్గించలేదు. తెరమీద తనని చూసుకుని, కాస్త టచప్ చెయ్యకూడదా అని మెల్లిగా అడిగాడు. ఆ అడగడం వినడానికే బతికున్నాననిపించింది. నిబంధన ఒప్పుకోదన్నాను. బయల్దేరే ముందురోజు ఆయన వీసా వచ్చింది, అదే మొహంతో.

ఆ ఆదివారం చిట్టిని దుకాణానికి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. మా అక్క తెరనిండా నవ్వుతోంది, కొంగు గాలికి ఎగిరి, చెయ్యి మొగుడి భుజం మీద వేసి. చిట్టి తన ముక్కు తడిమి చూసుకుంది.

ప్రింటు తీద్దామని మౌసు పట్టుకున్నాను. ముందు ఆయన్ని తీసేయాలి. మా అక్కకి ఆయన చేసింది ఆయనకి చెయ్యాలని ఎన్నేళ్ళుగానో నా కోరిక. అంచు లాక్కుంటూ వచ్చి అక్క మోచేతి దగ్గర ఆగిపోయాను. ఇంకొంచెం జరిపితే చెయ్యి తెగిపోతుంది.

"చెయ్యి కొయ్యకు పిన్నీ" అంది చిట్టి.

కొయ్యలేదు. అంచు వెనక్కి జరిపి, చెయ్యి పూర్తిగా పడేదాకా ఆయన భుజాన్ని ఉండనిచ్చాను. భుజం పైనున్న ముక్కని మాత్రం తెల్లగా చేశాను. ఇప్పుడు మా గోడమీద మా అక్క ఉంది, ఆమె చెయ్యుంది, చేతి కింద ఓ గళ్ళ భుజం ఉంది. దాని మీద తల లేదు.