త్రిమూర్తులు మొహం మీది వెలుగు

రాజమహేంద్రవరంలో, దానవాయిపేటలో ఒక మేడ మీద, కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసేసిన గదిలో దుర్గాశ్రీ పనిచేస్తుంది. గోడలకి బూడిదరంగు. బయట ఎండ మండిపోతున్నా లోపలికి ఒక్క చుక్క వెలుతురు రాకూడదు. వస్తే తెర మీద రంగులు కంటికి తేడాగా కనబడతాయి. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టి, ఆరేళ్లలో యాడ్‌లకీ షార్ట్ ఫిల్మ్‌లకీ రంగులూ వెలుగూ సరిదిద్దే గ్రేడింగ్ వరకూ వచ్చింది. ఎక్కడ వెలుగు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఆమె చేతికి బాగా తెలుసని స్టూడియో ఓనర్ రమేష్ బాబు అందరికీ చెప్పుకుంటాడు.

ఆ మంగళవారం పొద్దున్న వచ్చిన పని ఒక రొయ్యల కంపెనీది. ఉప్పాడ పక్కన సముద్రం ఒడ్డునే ప్లాంటు కడతారట. ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ సభని కంపెనీవాళ్లే షూట్ చేయించుకున్నారు. దాన్ని నాలుగు నిమిషాల ఫిల్మ్‌గా ఎడిట్ చేయించి, గ్రేడింగ్‌కి పంపారు. కంపెనీ తరఫున హరిబాబు అనే ఆయన స్వయంగా వచ్చి, దుర్గాశ్రీ వెనకాల సోఫాలో కూర్చున్నాడు.

ఆ ఊరు దుర్గాశ్రీదే. కానీ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ సభకి తను వెళ్లలేదు. ఏం జరిగిందో కూడా పూర్తిగా తెలీదు.

షాట్లు పాలిపోయి, బూడిద చల్లినట్టున్నాయి. కెమెరాలోంచి నేరుగా వచ్చినవి అలాగే ఉంటాయి. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోతే, ఎర్ర షామియానా నీడకి కందిపోయినట్టున్న మొహాలు నెమ్మదిగా మనుషుల మొహాలయ్యాయి. పదిహేడో షాట్ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ప్లాస్టిక్ కుర్చీల మూడో వరసలో, భుజమ్మీద తువ్వాలుతో ఆమె నాన్న త్రిమూర్తులు కూర్చుని ఉన్నాడు. మైకు వైపు చూస్తూ తల ఊపుతున్నాడు.

"ఆగమ్మా, అదే" అన్నాడు హరిబాబు లేచి వచ్చి. "ఆ పెద్దాయన. చూడండి, ఎంత చక్కగా ఒప్పుకుంటున్నాడో. మన ఫిల్మ్‌కి ఆయనే ప్రాణం."

త్రిమూర్తులుకి చెవులు వినబడవు. ముప్ఫై ఏళ్లు పడవలో డీజిల్ ఇంజన్ పక్కన కూర్చుని చేపల వేటకి వెళ్లినవాడు. ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల మొహంలోకి చూసి తల ఊపుతాడు. బస్సు కండక్టరు అడిగినా ఊపుతాడు, డాక్టరు తిట్టినా ఊపుతాడు. వినబడలేదని చెప్పడం ఆయనకి నామోషీ. కొన్న మెషీను చెవిలో రొద చేస్తోందని పెట్టెలో పడేశాడు.

ఈ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. "ఆయన మా నాన్నండి, వినబడదండి" అంటే రెండు ముక్కలు. కానీ అలా అంటే ఈ పని ఇంకొకరి చేతికి పోతుంది, తన ఉద్యోగం సంగతి ఏమవుతుందో తెలీదు. మా నాన్నే అని తెలిస్తే ఈ మనిషి ఇంకా సంతోషించి, ఇంటికే కెమెరా పట్టుకొస్తాడేమో కూడా.

"ఇబ్బంది ఏంటంటే" అన్నాడు హరిబాబు, తెర మీద వేలు పెట్టి, "కన్ను ఆయన మీదికి పోవట్లేదు. ఇదిగో, ఈవిడ మీదికి పోతోంది."

త్రిమూర్తులుకి రెండు కుర్చీల అవతల ఒకామె లేచి నిలబడి, చెయ్యెత్తి అరుస్తోంది. నిమ్మపండు రంగు చీర. దుర్గాశ్రీకి తెలియకపోవడమేంటి, చేపలమ్మే రామతులసి అత్త. అమ్మ పోయిన ఏడాదంతా నాన్నకి కూర పంపింది ఆవిడే. ఫ్రేములో అన్నిటికంటే వెలుగున్నది ఆ చీర, కదులుతున్నది ఆ చెయ్యి. ఎవరి కన్నయినా ముందు అక్కడికే పోతుంది.

"ఆ ముక్క కట్ చేసేయొచ్చు కదండి" అంది దుర్గాశ్రీ.

"జనం నిండుగా కనిపించాలమ్మా. జనం ఉన్న షాట్ ఇదొక్కటే. ఆవిడ గొంతు ఉండదులెండి, మీద మన వాయిస్ వస్తుంది. గ్రామస్థులంతా ముక్తకంఠంతో స్వాగతించారు అని. మీరు ఆ పెద్దాయన మొహం మీద విండో వేసి, మిగతాది దించేయండి. రమేష్ బాబు గారు చెప్పారు, మీరు చేస్తే చేసినట్టే తెలీదట."

అది నిజమే. ఆ పనిలో మెలకువే అది. కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీసి మొహం చుట్టూ పెట్టాలి. అంచులు బాగా మెత్తబరచాలి. లోపల కాస్త వెలుగు ఎత్తి, చర్మానికి కాస్త వెచ్చదనం ఇవ్వాలి. బయట వెలుగు దించి, రంగు కొంచెం చంపాలి. ఆ పైన ఫ్రేము అంచులన్నీ చీకటిలోకి జారేట్టు విన్యెట్ వేయాలి. ఏదీ ఎక్కువ కాకూడదు. వేసినట్టు తెలిసిపోతే పని చెడినట్టే. చూసేవాడు తన ఇష్టప్రకారమే ఆ మొహం వైపు చూశాననుకోవాలి.

దుర్గాశ్రీ నాన్న మొహం చుట్టూ గీత గీసింది. కెమెరా చేత్తో పట్టుకుని తీసింది కావడంతో షాట్ ఊగుతోంది, మొహం ఊగుతోంది. విండో మొహంతోపాటే కదలాలని ట్రాక్ చేసింది. మధ్యలో ఎవరో అడ్డంగా నడిచి వెళ్లారు. ట్రాకింగ్ దారి తప్పి, వెలుగు వాళ్ల వీపు మీదికెక్కింది. అక్కడ ఒక్కొక్క ఫ్రేమూ చేత్తోనే సరిదిద్దింది. నాన్న మొహంలోకి ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎడమ కనుబొమ్మ మీద గాలం తగిలిన మచ్చ, మాట అందుకోవాలని ముందుకి చాచిన మెడ. వినబడక ఎంత తాపత్రయపడుతున్నాడో చూస్తే తెలిసిపోతోంది. తెలిసినవాళ్లకి.

రామతులసి చీరని కావాలనే కొంచెమే దించింది. హరిబాబు వెంటనే పట్టుకున్నాడు. "కన్ను ఇంకా అటే పోతోంది మేడమ్."

ఇంకో ఉపాయం పన్నింది. విన్యెట్ అంచులు గట్టిగా, నల్లగా, కంటికి కొట్టేట్టు వేసింది. ఇదేదో అతికించిన వెలుగని ఎవరికైనా తెలిసిపోతుందని ఆశ. ఈసారి రమేష్ బాబే తలుపు తోసుకుని వచ్చి చూశాడు.

"ఏంటమ్మా ఇది? కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలా? మెత్తబరుచు. నీ పేరు చెప్పి పిలిపించాను ఆయన్ని."

ముందు తెర, వెనక సోఫాలో ఇద్దరు, తలుపు మూసి ఉంది. దుర్గాశ్రీ మెత్తబరిచింది. పసుపుపచ్చని ఒక్కదాన్నే పట్టుకుని రంగు లాగేసింది. నిమ్మపండు చీర తడిసిన ఇసుకలా అయింది. ఎత్తిన చెయ్యి షామియానా నీడలో కలిసిపోయింది. నూట యాభై మందిలో ఒక ముసలి మొహం మాత్రం, ఎక్కడి నుంచో తెలియని మంచి వెలుగులో, నిండుగా తల ఊపింది.

"అద్భుతం" అన్నాడు హరిబాబు.

నాలుగు రోజులకి ఆ ఫిల్మ్ ఒడ్డు పొడవునా ఉన్న ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది.

ఇంకో వారం గడిచాక, ఆదివారం దుర్గాశ్రీ ఊరికెళ్లింది. నాన్న గుమ్మంలో ఒక్కడే కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మామూలుగా ఆ వేళప్పుడు వలల పాకలో నలుగురితో కూర్చుంటాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. లోపలికెళ్లి ఫోను తెచ్చాడు.

"చూశావా అమ్మాయ్! సినిమాలో వేశారు నన్ను. ఎంతమంది ఉన్నా నేనే కనబడతన్నాను. ఎవరు తీశారో గానీ మంచి పనివాడు."

ఆ నాలుగు నిమిషాలూ ఆమె పక్కన కూర్చుని, ఏమీ వినబడకుండా ఎంతో ఇష్టంగా చూశాడు. అయ్యాక ఫోను పక్కన పెట్టి అన్నాడు, "కానీ పాకలో ఎవరూ నాతో కూర్చోటం లేదు. నేనెళితే లేచిపోతన్నారు. రామతులసి ఇటు చూడకుండానే పోతంది. చెవిటోడితో విసుగొచ్చిందేమో, ఏం చేస్తాం."

"అది కాదు నాన్నా" అంది దుర్గాశ్రీ.

"ఆఁ?"

"నీ చెవుల గురించి కాదు."

ఆయన ఆమె మొహంలోకి చూసి తల ఊపాడు.

ఆయనకి చదువు రాదు, రాసి చూపించడానికి లేదు. చెవిలో గుసగుసగా చెప్పడానికి లేదు. ఆయనకి ఏ మాటైనా చెప్పాలంటే అరవాలి. అరిస్తే ఇరవై ఇళ్ల అవతలికి వినబడుతుంది. దుర్గాశ్రీ ఒకసారి వీధి వైపు చూసింది. అరుగుల మీద ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు. లోపలికెళ్లి తలుపేసుకున్నా ఆ రేకుల ఇంట్లోంచి మాట బయటికి రాకుండా ఉండదు. చెప్పకుండా మధ్యాహ్నం బస్సెక్కితే, నాన్న ఆ ఫోను చూసుకుని మురుస్తూ, ఎవరూ రాని గుమ్మంలో కూర్చునే ఉంటాడు.

లేచి నిలబడి, గొంతంతా పెట్టి అరిచింది.

"నీ మొహం మీద వెలుగు వేసింది నేనే నాన్నా! నేనే! ప్లాంటుకి నువ్వు ఒప్పుకున్నావని చూపించారు! రామతులసి అత్త వద్దని అరుస్తుంటే ఆవిణ్ని చీకట్లో కలిపేశాను!"

అరుగుల మీది ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. త్రిమూర్తులు చేతిలో వల అలాగే ఉంది.

"ఏ ప్లాంటు?" అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆమెకి, ఆయనకి అసలేమీ తెలీదని. రెండు గంటలు కూర్చుని వచ్చాడు, ఏం సభో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. దుర్గాశ్రీ ఒక్కొక్క మాటే అరిచి చెప్పింది. రొయ్యలు కడిగిన నీళ్లు. పైపు. పైపు ఎక్కడ పడుతుందో. అక్కడ వేట ఏమవుతుందని రామతులసి అడిగిన మాట. ఆ సంగతులేవీ ఫిల్మ్‌లో లేవు, ఎదురింటి అరుగు మీంచి ఎవరో అందిస్తుంటే అరిచింది. చివరికి గొంతు బొంగురుపోయింది.

ఎప్పుడొచ్చిందో, రామతులసి వీధి మధ్యలో నిలబడి ఉంది. తలమీద ఖాళీ తట్ట.

"ఇంత పని నువ్వు చేశావా దుర్గా?" అంది.

"చేశానత్తా."

"ఎవరో కంపెనీవాళ్లు చేశారనుకున్నాను." ఆవిడ కోపంగా అనలేదు. అందుకే దుర్గాశ్రీకి తలెత్తబుద్ధి కాలేదు. "అసలు బొమ్మ నీ దగ్గరుందా?"

"లేదత్తా. ఆఫీసు సిస్టమ్‌లో ఉంది. బయటికి తేకూడదు."

"మరి నోరుంది కదా. కాకినాడ కలెక్టరాఫీసుకి వచ్చి చెప్తావా?"

దుర్గాశ్రీ ఒప్పుకుంది.

సోమవారం ముగ్గురూ ఆటోలో కాకినాడ కలెక్టరేట్‌కి వెళ్లారు. తనకి వినబడదని, ఆ రోజు దేనికీ ఒప్పుకోలేదని రాసిన కాగితం మీద త్రిమూర్తులు వేలిముద్ర వేశాడు. ఆ షాట్‌లో ఏం పెంచి, ఏం దించిందో దుర్గాశ్రీ తన చేతిరాతతో రాసి సంతకం పెట్టింది. గుమాస్తా రెండూ తీసుకుని రసీదు ఇచ్చాడు. పరిశీలిస్తామన్నాడు.

కబురు కంపెనీవాళ్లకి చేరినట్టుంది, ఆ సాయంత్రమే రమేష్ బాబు ఫోన్ చేశాడు. కేకలేమీ వేయలేదు. "రేపట్నుంచి రావద్దమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ సంగతి ఊళ్లో తెలిసిందో ఏమో, రెండో రోజు వలల పాకలోంచి ఒకాయన వచ్చి, త్రిమూర్తులు జబ్బ పట్టుకుని తీసుకెళ్లాడు.

కానీ ఫిల్మ్ ఆగలేదు. ఒడ్డు పొడవునా ఉన్న మిగతా ఊళ్లలో అసలు సంగతి ఎవరికీ చేరలేదు. గురువారం దుర్గాశ్రీ రాజమండ్రి గది ఖాళీ చేయడానికి బస్సెక్కితే, ముందు సీట్లో ఎవరో తెలియని మనిషి ఫోనులో అదే చూస్తున్నాడు. తెర నిండా జనం. అతని కన్ను ఎక్కడుందో వెనక నుంచే ఆమెకి తెలుసు. "అది నిజం కాదండీ" అని అతని భుజం తట్టబోయింది. అంతలో అతను వేలితో పైకి నెట్టేసి, ఇంకో వీడియోలోకి వెళ్లిపోయాడు.